ఫైలు ఆన్‌లైన్లోనూ ఉంది, బీరువాలోనూ ఉంది

ప్రభుత్వ కార్యాలయంలో కాగితం ఫైలు పోయి కంప్యూటర్ ఫైలు రావాలంటే ఏం చెయ్యాలి? కొన్ని విభాగాలను ఈ ప్రశ్న ఇంకా పీడిస్తోందని వింటున్నాను. మా విభాగానికి ఆ బాధ లేదు. మా దగ్గర కాగితం ఫైలు పోలేదు, కంప్యూటర్ ఫైలు వచ్చింది. నిన్నటిదాకా ఒక్కటే ఉన్న ఫైలు ఇవాళ రెండయింది. మార్పు అమలు కమిటీలో సభ్యుణ్ణి కాబట్టి ఈ ఘనతలో నాకూ వాటా ఉంది. తక్కిన విభాగాలవారు మా బాటలో నడుస్తారన్న ఆశతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందుగా శత్రువును తెలుసుకోవాలి. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ వారు తయారుచేసిన ఈ-ఆఫీసు అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే తెరకు ఎడమవైపు నోట్ ఫైలు, కుడివైపు ఉత్తరాలు కనిపిస్తాయి. ఇంతవరకు మన పాత ఫైలే, దానితో ఎవరికీ తగాదా లేదు. తగాదా అంతా ఇంకోచోట ఉంది. ఫైలు ఏ సీటు నుంచి ఏ సీటుకు, ఏ తేదీన, ఎన్ని గంటలకు వెళ్లిందో అది ఎవరూ అడగకుండానే రాసిపెట్టుకుంటుంది. కాగితం రోజుల్లో అర్జీదారు వస్తే “ఫైలు సర్క్యులేషన్‌లో ఉందండి” అనేవాళ్లం. అందులో అబద్ధం లేదు, సమాచారమూ లేదు. ఇప్పుడు ఆ మాట అంటే, పక్కనున్న కుర్రాడు తెర చూసి, “మూడు వారాలుగా సూపరింటెండెంటు గారి ఇన్‌బాక్స్‌లోనే ఉంది సార్” అని అర్జీదారు ఎదుటే చదివేస్తాడు. కంప్యూటర్ రాదు కాబట్టి సిబ్బంది మార్పును వ్యతిరేకిస్తున్నారని పైవాళ్లు అనుకుంటారు. వాట్సాప్‌లో పెళ్లి వీడియోలు కత్తిరించి, పాట అతికించి పంపే సీనియర్ అసిస్టెంటుకు ఒక మీట నొక్కడం రాకనా?

అందుకని మా కమిటీ ‘సమాంతర విధానం’ ప్రతిపాదించింది. కొత్త పద్ధతి అలవాటయ్యేదాకా పాతదీ నడవాలని దీని అర్థం. అలవాటు ఎప్పటికి అవుతుందన్నది ఉత్తర్వుల్లో రాయలేదు. ఈ విధానానికి ఆయువుపట్టు అదే. ఫలానా తేదీ తర్వాత కాగితం మీద కొత్త ఫైలు తెరవరాదని ఎవరైనా ఒక్క వాక్యం రాసి ఉంటే మా శ్రమంతా మట్టికొట్టుకుపోయేది.

విధానం నడిచే తీరు ఒక ఫైలుతో చూపిస్తాను. రిటైరైన ఒక ఉద్యోగి వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు కోసం బిల్లులు పెట్టుకున్నారు. డిశ్చార్జి సమ్మరీతో కలిపి నలభై పేజీలు అనుకోండి. జూనియర్ అసిస్టెంటు నోటు టైపు చేసి ప్రింటు తీసింది. సూపరింటెండెంటు గారు ఎర్ర పెన్నుతో రెండు మాటలు కొట్టేసి, “పరిశీలించి” అన్నచోట “కూలంకషంగా పరిశీలించి” అని దిద్దారు. మళ్లీ టైపు, మళ్లీ ప్రింటు. అందరి సంతకాలూ అయ్యాక కట్టంతా స్కానింగుకు వెళ్లింది. మా స్కానరు 300 డీపీఐ, పూర్తి రంగుల మీద పెట్టి ఉంటుంది. కుదించకముందు ఒక ఏ4 పేజీ ఆ లెక్కన 26 ఎంబీ దాకా వస్తుంది. అదే పేజీని ఉత్త నలుపు తెలుపుల్లో తీస్తే ఒక ఎంబీకి కాస్త ఎక్కువ. మందుల చీటీకి రంగులెందుకని అమ్మాయి అడిగింది. ఆసుపత్రి ముద్ర నీలంగా ఉందని, నీలం నీలంగానే కనబడకపోతే ఆడిట్ అభ్యంతరం వస్తుందని జవాబు. చివరికి కుదించినా సైజు పరిమితి దాటి ఫైలు ఎక్కలేదు. దాన్ని ఏడు ముక్కలు చేసి, Scan0001.pdf, Scan0002.pdf అని వరసగా పేర్లు పెట్టి ఎక్కించారు. ఆ మందులు అవసరమేనని డాక్టరిచ్చే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ ఏ ముక్కలో ఉందో తెలియాలంటే ఏడూ తెరవాలి. అంతకంటే బీరువాలో ఉన్న కట్ట విప్పుకోవడం సులువు. కాగితమే మేలన్న మా వాదనకు అలా రుజువు కూడా దొరికింది.

ఆ సాయంత్రం సూపరింటెండెంటు గారికీ ఆ అమ్మాయికీ నడిచిన సంభాషణ ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

“ఏమ్మా, ఆ మెడికల్ ఫైలు పంపావా?”

“పంపాను సార్. మీ ఇన్‌బాక్స్‌లో ఉంది.”

“అది సరేనమ్మా. ఫైలు పంపావా?”

ఆ ఒక్క ప్రశ్నతో విభాగమంతటికీ శిక్షణ పూర్తయింది. రెండు ఫైళ్లలో ఏది అసలుదో, ఏది ఆచారానికి పెట్టిందో అమ్మాయికి తెలిసిపోయింది. మర్నాటి నుంచి ఆమె కట్ట ముందు పంపి, తీరికైనప్పుడు తెర మీదికి ఎక్కిస్తోంది. తెర మీద తేదీలన్నీ పని అయిపోయాక పడ్డవే కనుక ఫైలు అయిదు సీట్లనూ పావుగంటలో దాటినట్టు నివేదికలో వస్తోంది. రాష్ట్రంలో ఇంత చురుకైన విభాగం ఇంకొకటి ఉంటుందని నేననుకోను.

నోట్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఈ-ఆఫీసులో పచ్చ నోటు, పసుపు నోటు అని రెండున్నాయి. పసుపుది చిత్తు. దిద్దుకోవచ్చు, అక్కర్లేదనుకుంటే తీసెయ్యవచ్చు. పచ్చది రాసి ఫైలు పంపించాక ఇక దిద్దడం కుదరదు. అవతలివారు తెరవకముందైతే ఫైలు వెనక్కి లాక్కోవచ్చు, తెరిచారంటే అంతే సంగతులు. కాగితంలో ఎంత వెసులుబాటు ఉండేది! ఏడో పేజీలో రాసిన అభిప్రాయం పదకొండో పేజీకి వచ్చేసరికి పైవారి అభిప్రాయంతో పొసగకపోతే, ట్యాగు విప్పి ఏడో పేజీ మార్చి మళ్లీ కట్టేవాళ్లం. ముందుచూపు అని పేరు తెచ్చుకున్న ప్రతి అధికారి వెనుకా ఇలాంటి ట్యాగు ఒకటి ఉంది. ఇప్పుడు ఎవరు ఏమన్నారో అన్నట్టే మిగిలిపోతుంది కాబట్టి మావాళ్లు పచ్చ నోటులో “సమర్పించడమైనది” అని మాత్రమే రాస్తారు. అభిప్రాయం కాగితం మీదే ఉంటుంది, అది మార్చుకోవచ్చు.

తెలుగులో నోటు పెట్టేవారికి ఇంకో రక్షణ కవచం ఉంది. మా టైపిస్టు చేతివేళ్లు అను ఫాంట్ల మీద ఇరవై ఏళ్లు పండిన వేళ్లు. ఆ ఫాంట్లలో కొట్టింది తెలుగులా కనిపిస్తుందే గానీ కంప్యూటర్‌కు అది తెలుగని తెలియదు, లోపల ఉండేవి వేరే గుర్తులు. దాన్ని తెచ్చి పచ్చ నోటులో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ కొమ్ములూ చుక్కలూ వరసకట్టి నిలబడతాయి. యూనికోడ్‌లో కొట్టాలంటే ఇన్‌స్క్రిప్టు మీటల అమరిక వేరు. నెల రోజులు వేగం సగానికి పడిపోతుంది. ఆ నెల రోజులు ఆయనకు పని తగ్గించి నేర్పిద్దామన్న సూచన కమిటీ ముందుకు వచ్చింది. నెల రోజుల నష్టం భరించలేమని తోసిపుచ్చాం. అప్పటి నుంచి ఆయన కొట్టిన ప్రతి నోటూ ప్రింటై, స్కానై, బొమ్మగా తెర మీదికి వెళుతోంది. బొమ్మలో మాటలు వెతకడం ఎవరి తరం కాదు. విషయం కాలమ్ ఒక్కటే వెతకడానికి మిగిలింది. మా విభాగం ఫైళ్లలో నూటికి తొంభైకి విషయం ఒకటే: “ఎస్టాబ్లిష్‌మెంట్ – పెన్షన్ – గురించి.” ఉద్యోగి పేరూ, ఐడీ నంబరూ విషయంలో రాస్తే దొరుకుతుందని ఆ జూనియర్ అసిస్టెంటే అంది. గోప్యత దృష్ట్యా తిరస్కరించాం.

ఇక డిజిటల్ సంతకం. యూఎస్‌బీ టోకెన్ పెట్టి, పిన్ కొడితే సంతకం పడుతుంది. ఆ టోకెన్‌లోని ప్రైవేట్ కీని తన అధీనంలో ఉంచుకునే బాధ్యత సంతకందారుదేనని 2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షను చెబుతోంది. మా అధికారులు చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తారు. టోకెన్ పేషీలో, అధికారి సొంత గుమాస్తా అయిన సీసీ గారి సొరుగులో ఉంటుంది, సీసీ గారు అధికారి అధీనంలో ఉంటారు. పిన్ సొరుగు లోపలి వైపు చీటీ మీద ఉంటుంది. ఈ ఏర్పాటు వల్ల అధికారి క్యాంపులో ఉన్నా సంతకాలు ఆగవు. ఏ ఫైలు మీద సంతకం చేశారో ఆయనకు తెలియాలంటే మాత్రం ప్రింటు చూపించాలి. కాగితం అవసరం ఇంకా తీరలేదని మేము పదేపదే చెబుతున్నది ఇందుకే.

రికార్డు రూము సంగతి ఎక్కువ చెప్పను. పేజీకి ఇంతని కాంట్రాక్టు ఇచ్చాం, ఉన్నదంతా స్కాను చేయించాం. పని ముగిసిన ఫైలు మీద రాసే ఆర్.డిస్. అంటే శాశ్వతంగా ఉంచాల్సింది, డి.డిస్. అంటే పదేళ్లు ఉంచి తీసెయ్యాల్సింది. అసలు డబ్బు పెట్టేముందు గడువు తీరినవి ఏరెయ్యాలట, నడుస్తున్న ఫైళ్లు ముందు తియ్యాలట. పేజీ లెక్కన డబ్బు తీసుకునేవాడికి అలాంటి వివక్ష ఉండదు. ఎప్పుడో చింపెయ్యాల్సిన టూర్ డైరీలు ఇప్పుడు సర్వర్‌లో శాశ్వతత్వం పొందాయి. నడుస్తున్న ఫైళ్ల వంతు వచ్చేసరికి బడ్జెట్ అయిపోయింది.

ఇంత పకడ్బందీగా సాగిన కార్యక్రమంలో ఒకే ఒక్క సెక్షను మా మాట వినలేదు. అక్కడికి కొత్తగా వచ్చిన మేడమ్ చేరిన వారంలోనే, వచ్చే ఒకటో తారీఖు నుంచి కాగితం ఫైలు తన బల్ల మీదికి రాకూడదన్నారు. ఒకటో తారీఖున అలవాటు కొద్దీ పదకొండు కట్టలు వెళ్లాయి. ఆమె కోప్పడలేదు, మెమో ఇవ్వలేదు. ఒక్కటీ విప్పకుండా అదే ఆఫీస్ సబార్డినేట్ చేతికి తిరిగి ఇచ్చారు. రెండోరోజు నాలుగు వెళ్లాయి. ఆ తర్వాత వెళ్లలేదు. పాత వాటిలో ఏదైనా కదలాల్సివస్తే దాన్నొక్కదాన్నే, అప్పటికప్పుడు స్కాను చేయించారు. హాల్లో ప్రొజెక్టర్ పెట్టి శిక్షణ ఇప్పించమంటే వద్దని, వెనకబడ్డ ఇద్దరి పక్కనా ఆ జూనియర్ అసిస్టెంటును కూర్చోబెట్టి వాళ్ల ఫైళ్ల మీదే చేయించారు. ఏ కాగితం వచ్చింది, ఏమైంది అని చేత్తో రాసుకునే పర్సనల్ రిజిస్టర్ మాన్పించారు. రెండుచోట్లా రాయాల్సిన పని పోవడంతో సిబ్బంది గొణుగుడు కూడా పోయింది. ఎవరైనా బదిలీ అయితే రిలీవ్ చేసిన రోజే ఛార్జీ కొత్తవారికి ఎక్కించారు. తక్కిన సెక్షన్లలో వెళ్లిపోయినవారి ఇన్‌బాక్స్‌లలో ఫైళ్లు ఎంత ప్రశాంతంగా నిద్రపోతున్నాయో ఆమె చూసినట్టు లేదు.

ఆ సెక్షనును నమూనాగా తీసుకోవాలా అన్న అంశం కమిటీ చివరి సమావేశంలో చర్చకు వచ్చింది. సుదీర్ఘంగా ఆలోచించాం. అక్కడ కన్సల్టెంటు లేడు, పైసా ఖర్చు కాలేదు, వినియోగ ధ్రువపత్రం ఇవ్వడానికి వీల్లేదు. కనుక దాన్ని మార్పుగా పరిగణించలేమని ఏకగ్రీవంగా తీర్మానించాం. సమాంతర విధానాన్ని ఇంకో రెండేళ్లు పొడిగించాలని, రెండో ఫైలు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు కాబట్టి ఆరు ఇనప బీరువాలు మంజూరు చేయాలని సిఫార్సు చేశాం. ఆ ఫైలు ప్రస్తుతం సర్క్యులేషన్‌లో ఉంది.