బావి లోతు సెంటీమీటర్లతో సహా? అంత సీన్ లేదు

“స్నేహితుడు బావిలో రాయి వేసి, స్టాప్‌వాచ్ ఫోటో పంపాడు. 2.47 సెకన్లు. అది చూసి మన పల్లె కుర్రాడు బావి లోతు 29.89 మీటర్లని సెంటీమీటర్లతో సహా చెప్పేశాడు! పెద్ద రాయైతే తొందరగా పడి లెక్క తప్పుతుందని శనగ గింజంత గులకరాయే వేయించాడు. ఇక తాడుతో పనే లేదు. షేర్ చేయండి” అంటూ ఒక మెసేజ్ తిరుగుతోంది.

కుర్రాడు వాడిన సూత్రం d = ½gt². ఇందులో d లోతు, t పట్టిన సమయం, g భూమి లాగే త్వరణం, అంటే 9.8; దాన్లో సగం 4.9. 2.47ని 2.47తో హెచ్చించి, 4.9తో గుణిస్తే 29.89 వస్తుంది. గుణకారంలో తప్పులేదు. కానీ వాచీ ఆగింది రాయి పడ్డప్పుడు కాదు, “బుడుంగ్” అన్న చప్పుడు పైకి వినిపించాక. ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది (మన ఎండల్లో, 30 డిగ్రీల దగ్గర). లోతు 28 మీటర్లనుకుని చూడండి: రాయి పడటానికి 2.39 సెకన్లు, చప్పుడు పైకి రావడానికి 0.08. కలిపితే సరిగ్గా 2.47. అంటే చప్పుడును లెక్కలోకి తీసుకోకపోవడంతోనే దాదాపు 2 మీటర్లు ఎక్కువ చెప్పాడు.

ఫోటోలో 2.47 కనిపిస్తుంది గానీ, బటన్ ఎప్పుడు నొక్కారో కనిపించదు. ఒక చేత్తో రాయి వదులుతూ రెండో చేత్తో బటన్ నొక్కితే మొదట్లో ఆలస్యం ఉండదు. చప్పుడు విన్నాక వేలు కదలడానికి మాత్రం 0.15 సెకను దాకా పడుతుంది. ఆ లోతులో రాయి వేగం సెకనుకు 23 మీటర్ల పైమాటే కాబట్టి, ఆ కాస్త ఆలస్యమే లెక్కలో లోతును ఇంకో 3 మీటర్లు పెంచేస్తుంది. రాయి ఇంకొకరు వదిలితే, చూసి నొక్కడంలోనూ ఆలస్యం ఉంటుంది కాబట్టి రెండూ కొంత కొట్టుకుపోతాయి. అప్పుడు కూడా 0.1 సెకను అటూ ఇటూ అయితే 2 మీటర్ల తేడా. సెంటీమీటర్ల మాట ఎత్తకపోవడమే మేలు.

గులకరాయి సంగతి పూర్తిగా తలకిందులు. గాలి అడ్డు లేకపోతే చిన్నదీ పెద్దదీ ఒకేసారి పడతాయి. గాలి ఉంది కనుకే తేలికైన రాయి వెనకబడుతుంది. సెంటీమీటరు మందం గులకరాయికి అదే 2.47 సెకన్లు పట్టిందంటే లోతు 25 మీటర్ల దగ్గరే ఉంటుంది. పిడికిలంత రాయి వేస్తే గాలి వల్ల వచ్చే తప్పు అర మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. రాయి గట్టుకో, ఒరకో తగిలిందంటే ఆ సారి లెక్కే వద్దు. వేరే చప్పుడు వినిపిస్తుంది కాబట్టి తెలిసిపోతుంది.

అసలు చిక్కు తాడు దగ్గరుంది. రాయి చప్పుడు చేసేది నీటి మీద. కాబట్టి వచ్చేది గట్టు నుంచి నీటిమట్టం దాకా దూరం, బావి లోతు కాదు. నీళ్లు మూడు నిలువులున్నా, మోకాలి లోతే ఉన్నా స్టాప్‌వాచీకి ఒకటే. అడుగు తెలియాలంటే తాడుకు బరువు కట్టి దింపి, తాడు వదులయ్యే చోట గుర్తు పెట్టి, పైకి తీసి కొలవాల్సిందే. తడిసిన భాగం పొడవే నీటి లోతు.