ఆర్‌ఓఈ పెరిగింది సరే, ఎందుకు పెరిగింది?

ఫైనాన్స్ క్విజ్‌లలో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది: "కంపెనీ రిటర్న్ ఆన్ ఈక్విటీ 20 శాతం నుంచి 23 శాతానికి పెరిగింది. దీన్నిబట్టి ఏం చెప్పవచ్చు?" ఆర్‌ఓఈ అంటే వాటాదారుల సొమ్ము అయిన ఈక్విటీపై వచ్చిన నికర లాభం శాతం. చాలామంది "పనితీరు మెరుగుపడింది" అన్న ఆప్షన్ ఎంచుకుంటారు. కారణం తెలియకుండా ఆ మాట అనడానికి వీల్లేదు.

ఒక ఊహాజనిత కంపెనీని తీసుకుందాం. అమ్మకాలు 200 కోట్లు, నికర లాభం 10 కోట్లు, మొత్తం ఆస్తులు 100 కోట్లు, ఈక్విటీ 50 కోట్లు. డూపాంట్ పద్ధతిలో ఆర్‌ఓఈని మూడు ముక్కలు చేస్తే అమ్మకాల్లో లాభం వాటా అయిన మార్జిన్ 5 శాతం, అమ్మకాలను ఆస్తులతో భాగిస్తే వచ్చే అసెట్ టర్నోవర్ 2, ఆస్తులను ఈక్విటీతో భాగిస్తే వచ్చే ఈక్విటీ మల్టిప్లయర్ 2. మూడింటినీ గుణిస్తే 20 శాతం.

లాభమంతా డివిడెండ్‌గా పంచేసి, మరుసటి ఏడాది మొదట్లోనే కంపెనీ 10 కోట్లు అప్పు తెచ్చి సొంత షేర్లు తిరిగి కొనేసింది. అమ్మకాలు, ఆస్తులు మారలేదు. పన్ను పోను వడ్డీ భారం 80 లక్షలు కాబట్టి లాభం 9.2 కోట్లకు తగ్గింది. మార్జిన్ 4.6 శాతం, టర్నోవర్ మళ్లీ 2, ఈక్విటీ 40 కోట్లే కనుక మల్టిప్లయర్ 2.5. ఆర్‌ఓఈ 23 శాతం! లాభం తగ్గినా ఆర్‌ఓఈ పెరిగింది. పెంచింది అప్పు.

ఇక్కడే డెట్-ఈక్విటీ రేషియో తికమక పెడుతుంది. "మల్టిప్లయర్ అంటే 1 + డెట్-ఈక్విటీ" అన్న సూత్రం, మొత్తం బాధ్యతలను డెట్‌గా లెక్కిస్తేనే పనిచేస్తుంది. మొదటి ఏడాది బాధ్యతలు 50 కోట్లు కనుక రేషియో 1, మల్టిప్లయర్ 2, సరిపోయింది. ఆ 50 కోట్లలో వడ్డీ కట్టే అప్పు 20 కోట్లే అనుకుని, దాన్ని మాత్రమే తీసుకుంటే 0.4 వస్తుంది, మల్టిప్లయర్ తప్పిపోతుంది. నా దృష్టిలో డెట్ అంటే ఏమిటో చెప్పని ప్రశ్న అసంపూర్ణ ప్రశ్నే.

ఇక కరెంట్ రేషియో, అంటే ఏడాదిలోపు నగదయ్యే ఆస్తులను ఏడాదిలోపు తీర్చాల్సిన బాధ్యతలతో భాగిస్తే వచ్చే సంఖ్య. మొదటి ఏడాది కరెంట్ ఆస్తులు 45 కోట్లు, కరెంట్ బాధ్యతలు 30 కోట్లు అనుకుంటే అది 1.5. మార్చి 31న 10 కోట్ల నగదుతో సరుకు సరఫరాదారుల బాకీ తీర్చేస్తే 35 బై 20, అంటే 1.75. చేతిలో నగదు తగ్గినా రేషియో అందంగా కనిపిస్తుంది. అసలు రేషియో 1 కన్నా తక్కువగా ఉంటే మాత్రం ఇదే పని దాన్ని ఇంకా దిగజారుస్తుంది: 24 బై 30 కాస్తా 14 బై 20 అవుతుంది, 0.8 నుంచి 0.7కు.

మొదటి ఏడాది చివర్లో చేసిన ఆ 10 కోట్ల చెల్లింపుతో మొత్తం ఆస్తులు 90 కోట్లకు దిగుతాయి. ఏడాది చివరి అంకెలతో చూస్తే టర్నోవర్ సుమారు 2.22కు పెరుగుతుంది, మల్టిప్లయర్ 1.8కి తగ్గుతుంది. ఆర్‌ఓఈ మాత్రం 20 శాతం దగ్గరే కదలకుండా ఉంటుంది. కాబట్టి టర్నోవర్ పెరిగిందనగానే "ఆస్తుల వినియోగం మెరుగైంది" అన్న ఆప్షన్‌ను ఎంచుకునే ముందు, అమ్మకాలు పెరిగాయా, ఆస్తులు తగ్గాయా అన్నది చూడాలి.