ఒకటో నంబరు మంచం

ఊరు మారాలంటే ఎనిమిది వారాల ముందే పని మొదలుపెట్టాలంటారు. మొదలుపెట్టాను. గోడకు చార్టు అంటించాను. ఎనిమిదో వారంలో పారేసేవేవో, పంచేసేవేవో తేల్చి, రవాణా కంపెనీవాళ్లకు ఇల్లు చూపించి అంచనా తీసుకోవాలి. ఆరో వారంలో రోజూ వాడని సామాను అట్టపెట్టెల్లోకి. నాలుగో వారంలో బ్యాంకుకు, బీమాకు, కరెంటు ఆఫీసుకు చిరునామా కబుర్లు. మూడో వారంలో మొదటి లారీ. చివరి వారంలో మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, వాటితోపాటు నేను.

ఏ వస్తువును ఏ వారంలో కట్టాలో ఆ అంకెను కాగితం మీద రాసి, ఆ వస్తువుకే అంటించాను. అతిథుల పరుపులకు 8, పాత ఆల్బములకు 7, నేను పడుకునే మంచానికి 1. రాకెట్లు ఎగరేసేవాళ్లు కూడా ఇలాగే కిందికి లెక్కపెడతారు. వాళ్లనెవరూ ప్రశ్నించరు.

మొదటి లారీ వచ్చే వేళకు నేను కరెంటు ఆఫీసుతో ఫోనులో ఉన్నాను. ఉన్నాననడం కంటే, వాళ్ల సంగీతంతో ఉన్నాననాలి. కనెక్షన్ ఆపే ముందు మీటరు చివరి రీడింగ్ ఎప్పుడు తీస్తారని అడగడం ఒక్కటే నా పని. మధ్యమధ్యలో ఒక గొంతు వచ్చి, నా కాల్ తమకెంతో ముఖ్యమని చెప్పి మళ్లీ సంగీతానికి అప్పగించి వెళ్లేది. చివరికి ఆ ముఖ్యమైన కాల్ దానంతటదే తెగిపోయింది. విసుక్కుంటే నా గొంతు గదిలో ప్రతిధ్వనించింది. ప్రతిధ్వని ఎందుకొస్తోందా అని తిరిగి చూశాను. మంచం లేదు.

హాల్లో అతిథుల పరుపులు మాత్రం భద్రంగా ఉన్నాయి.

"ఇవి ఇక్కడే ఉన్నాయేమిటండీ?" అన్నాను సూపర్‌వైజర్‌తో.

"అవి ఎనిమిదో నంబరు కదా మేడమ్, ఆఖరున వస్తాయి. ఒకటి నుంచి నాలుగు దాకా అన్నీ ఎక్కించేశాం."

"ఒకటి అంటే మొదటిది కాదండీ. బయల్దేరడానికి ఇంకా ఒక వారమే ఉందని."

ఆయన ఆలోచించాడు. పక్కనున్న కుర్రాడు కూడా ఆలోచించాడు. పెట్టె పట్టుకుని మెట్ల మీదున్నవాడు, దాన్ని దించకుండానే ఆలోచనలో పాలుపంచుకున్నాడు.

"ఎనిమిది వారాలు ఉన్నదాని కంటే, ఒక్క వారమే ఉన్నదానికి తొందరెక్కువ కదా మేడమ్?"

ఈ వాదనలో లోపం ఎక్కడుందో చెప్పడానికి నోరు తెరిచాను. కాగితం మీద గీత గీశాను. గీతకు రెండు చివర్లలో అంకెలు వేశాను. ఆయన ఆ కాగితాన్ని తిప్పి అవతలివైపు నుంచి చూశాడు. అటు నుంచి చూస్తే ఆయన చెప్పిందే నిజం.

సరే, దించండి అన్నాను. అదీ కుదరదట. బరువైనవాటిని ముందుగా ఎక్కించి, డ్రైవరు క్యాబిన్ వెనక గోడకు ఆనించి కడతారు. తేలికపాటి పెట్టెలు వాటి ముందు. అంటే నా మంచం, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అందరికంటే లోపల ఉన్నాయి. వాటిని తీయాలంటే లారీ అంతా ఖాళీ చేయాలి. దించడం వేరే పని కాబట్టి దానికి ఆఫీసు అనుమతి కావాలి. ఆఫీసుకు ఫోన్ చేస్తే, వాళ్ల కంప్యూటర్‌లో లోడింగ్ పూర్తయిందని చూపిస్తోందట. పూర్తయినదాన్ని వెనక్కి తిప్పే బటన్ లేదట. ఆ బటన్ లేకపోవడం గురించి ఆ అమ్మాయి గొంతులో ఎంత ప్రశాంతతో!

వాషింగ్ మెషీన్ అసలు అలా వెళ్లకూడదు. ముందునుంచి బట్టలు వేసే రకంలో డ్రమ్ము స్ప్రింగుల మీద వేలాడుతుంది. దారి కుదుపులకు అది ఊగి లోపలి భాగాలను కొట్టకుండా, వెనకనుంచి పొడవాటి బోల్టులు బిగించి కదలకుండా చేయాలి. కొన్నప్పుడు వచ్చిన ఆ బోల్టులను పారేయకుండా దాచాను. ఎక్కడ? చార్టు కింద కవరులో, 'చివరి వారం: బిగించాలి' అని రాసి. ఫ్రిజ్ సంగతి చెప్పనక్కర్లేదు. ఒకరోజు ముందు ఆపి, మంచు కరిగించి, తుడిచి పంపాల్సింది మంచుతో సహా ప్రయాణం కట్టింది.

వెళ్తూ సంతకానికి చిట్టా ఇచ్చారు. ఒక్కో వస్తువు ఎదుట దాని పరిస్థితి: 'పాత గీతలు', 'సొట్ట', 'రంగు పోయింది'. రేపు ఏదైనా విరిగితే ముందునుంచే అలా ఉందనడానికి. ఫ్రిజ్ ఎదుట మాత్రం 'తడిగా ఉంది' అని రాశారు. ఎంత నిజాయితీ!

ఇప్పుడు మూడు వారాలపాటు ఈ ఇంట్లో నాకు ఒకరు కాదు, ఆరుగురు పడుకునే పరుపులున్నాయి. స్టవ్వు లేదు.

సాయంత్రం కంపెనీ నుంచి సందేశం వచ్చింది. మా సేవకు 1 నుంచి 5 వరకు మార్కులు వేయమని. 1 అంటే ఉత్తమమో, అధమమో రాయలేదు. అడుగుదామని ఫోన్ చేశాను. సంగీతం వస్తోంది.