‘ప్రయత్నిస్తాం’ అంటే అవునా, కాదా?

శుక్రవారానికి రిపోర్టు ఇవ్వగలరా అని న్యూయార్క్ క్లయింట్ అడుగుతారు. కుదరదని తెలిసినా మన వైపు నుంచి వెళ్లే జవాబు "తప్పకుండా ప్రయత్నిస్తాం" అని. మన మధ్య అయితే ఆ మాట వినగానే పని కష్టమని అర్థమైపోతుంది. ముఖం మీద కాదనలేక అలా అన్నారని గ్రహిస్తాం. అమెరికన్ మేనేజర్ దాన్ని ఒప్పుకోలుగా తీసుకుని, తన పైవాళ్లకు శుక్రవారం అని చెప్పేస్తారు.

టైమ్ జోన్ దీన్ని ఇంకా ముదరబెడుతుంది. జూన్‌లో న్యూయార్క్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. బుధవారం సాయంత్రం 6కి మనం "కొన్ని ఇబ్బందులున్నాయి, చూస్తున్నాం" అని మెయిల్ పెడితే అక్కడ ఉదయం 8:30. "అంటే శుక్రవారం వస్తుందా, రాదా?" అని వాళ్లు 10:30కి అడిగేసరికి ఇక్కడ రాత్రి 8. టీమ్ ఇంటికెళ్లిపోయింది. గురువారం పొద్దున మనం ఇచ్చే జవాబు వాళ్ల అర్ధరాత్రి చేరుతుంది. ఒక్క ప్రశ్న తేలడానికి ఒక రోజు పోయింది.

అదే బుధవారం మెయిల్ ఇలా ఉండాల్సింది: "పూర్తి రిపోర్టు శుక్రవారానికి ఇవ్వలేం. మే చెల్లింపుల ఫైల్లో 40 ఎంట్రీలకు ఇన్వాయిస్ నంబర్లు లేవు. వాటిని ఖాళీగా వదిలి శుక్రవారం, జూన్ 12న మీ ఉదయం 9కి పంపగలం. లేదా నంబర్లు అందాక రెండు రోజులకు పూర్తిగా ఇస్తాం. ఏది కావాలో ఈరోజు మీ సాయంత్రం 5లోపు చెప్పండి. జవాబు రాకపోతే ఖాళీలతోనే పంపుతాం."

కాదన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది. చివరి వాక్యం అంతకంటే విలువైనది: వాళ్లు మెయిల్ చూడకపోయినా గురువారం పొద్దున మన పని ఆగదు. తేదీలో నెల పేరు రాయడం కూడా ఊరికే కాదు. 06/12 అంటే అమెరికాలో జూన్ 12, బ్రిటన్‌లో డిసెంబర్ 6.

అయితే ఈ సూటిదనం అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. డచ్, జర్మన్ క్లయింట్లు తాము కూడా ఇలాగే ముక్కుసూటిగా రాస్తారు, దాన్ని కోపమనుకోనక్కర్లేదు. జపాన్ క్లయింట్ "పరిశీలిస్తాం" అంటే చాలాసార్లు కాదనే అర్థం. అక్కడ మన అలవాటే మనకు పనికొస్తుంది. చెడు కబురును పదిమంది ఉన్న మీటింగ్‌లో కాకుండా, ముందే సంబంధిత వ్యక్తికి విడిగా చెప్పడం మేలు.

ఫోన్‌లో యాస సమస్య ఎక్కువగా చిన్న మాటల దగ్గరే వస్తుంది. అమెరికన్ ఉచ్చారణలో "కాంట్"లోని చివరి ‘ట్’ దాదాపు వినపడదు, అది "కెన్" అనిపిస్తుంది. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కూడా అంతే. "మళ్లీ చెప్పండి" అంటే అదే మాట అదే తీరులో వస్తుంది, మళ్లీ అర్థం కాదు. "వన్ ఫైవా, ఫైవ్ జీరోనా?" అని అడగాలి. "కెనాట్ అన్నారు కదా?" అని పూర్తి మాటతో నిర్ధారించుకోవాలి. కాల్ ముగిసిన పది నిమిషాల్లో అంకెలు, తేదీలు, ఎవరి పని ఏదో నాలుగు వరుసల్లో రాసి పంపితే, తప్పుగా విన్నది వాళ్ల పని దినం ముగిసేలోపే బయటపడుతుంది.