నీళ్లు చూడని మోటరు, నేను పెట్టిన ఫార్ములా

మా షాపు నల్లగొండల బోరు మోటర్ల షాపు. నేను అందుట్ల అకౌంట్స్ చూస్త. సేల్స్‌కు ఇద్దరు పోరగాళ్లు, ఒకడు దేవరకొండ లైన్, ఇంకొకాయన నకిరేకల్ లైన్. పేర్లెందుకు లెండి, షాపుల కూడా మేం లైన్ పేరుతోనే పిలుస్తం.

ఎండాకాలానికి ముంగట సేటు కమీషన్ పెంచుతానని ఒక కాయితం రాసిచ్చిండు. లక్ష దాకా సేల్ మీద 2 శాతం, లక్ష దాటిన సేల్ మీద 3 శాతం, 3 లక్షలు దాటిన సేల్ మీద 5 శాతం. గంతే, మూడు లైన్లు, కింద సంతకం. నేను చాయ్ తాగుకుంటనే షీట్‌ల ఫార్ములా కొట్టేసిన, B2ల నెల సేల్ ఉంటది:

```
=IF(B2<=100000,B2*2%,IF(B2<=300000,B2*3%,B2*5%))
```

ఎర్రగ ఎర్రర్ రాలే, నంబర్లు వచ్చినయి, సేటు సంతకం పెట్టిండు, నేను మస్తు తెలివిగల్లోన్ని అనుకున్న. మూడు నెలలు గట్లనే నడిచింది.

నాలుగో నెల జీతాల రోజు నకిరేకలన్న నా టేబుల్ మీద రెండు చేతులు ఆనిచ్చి నిలబడ్డడు. "ఏందిది? నేను 2,99,000 అమ్మిన, నాకు 8,970. ఆ పోరడు 3,01,000 అమ్మిండు, ఆనికి 15,050. 2,000 బిల్లు తక్కువైతే కమీషన్ 6,080 తక్కువైతదా?"

నేనేమో "స్లాబ్ మారింది కదన్నా" అన్న, శానా లెక్క తెల్సినోని లెక్క. ఆయన ఒక్కటే మాటన్నడు. "సరే, ఒక్క రూపాయి ఎక్కువ అమ్మితే ఎంత పెరుగుతదో సూపియ్యి."

షీట్‌ల 3,00,000 కొట్టిన, 9,000 వచ్చింది. 3,00,001 కొట్టిన, 15,000 వచ్చింది, పైన ఐదు పైసలు. రూపాయి అమ్మితే 6,000 కమీషన్! ఆ పొద్దు నుంచి స్లాబ్ షీట్ ఏది చేసినా ముందుగల గీత మీద ఒక నంబరు, గీతకు రూపాయి అవతల ఒక నంబరు కొట్టి చూస్తున్న. అది మొదటి రోజే చేసుంటే ఈ కథే లేకపోవు.

అప్పుడు నాకు దేవరకొండ తమ్మి నెలాఖరు బిల్లు యాదికొచ్చింది. 31వ తారీఖు రాత్రి తొమ్మిదింటికి ఉద్దెర బిల్లు, ఒక మోటరు, 24,000. బిల్లు మీద పేరు ఆని బామ్మర్దిది. ఆ బామ్మర్ది ఎల్బీనగర్‌ల రెండో అంతస్తుల కిరాయికి ఉంటడు, బోరు సంగతి దేవుడెరుగు, పూలకుండి కూడా లేదు. 3వ తారీఖున మోటరు వాపస్, క్రెడిట్ నోట్. పాత బిల్లులు తీసి చూస్తే వెనక నెల అదే మోటరు మామ పేరు మీద పోయొచ్చింది, అంతకు ముందు నెల మేనత్త పేరు మీద. సీరియల్ నంబరు ఒక్కటే. గోదాంల డబ్బా చూసిన, దాని మీద ఉన్న స్టిక్కర్లు చూస్తే పెండ్లి కార్డు మీది చుట్టాల పేర్లు లెక్కున్నయి. ఒక్క సుక్క నీళ్లు ఎత్తలే గానీ చుట్టరికం మాత్రం మంచిగ నడిపింది.

ఆనికి దక్కింది చూడుండ్రి. ఆ బిల్లు లేకుంటే సేల్ 2,77,000, కమీషన్ 8,310. బిల్లుతోని 15,050. అంటే 6,740 లాభం. వాపస్ వచ్చినంక వచ్చే నెల సేల్‌ల 24,000 తగ్గుతది, 3 శాతం లెక్కన పోయేది 720. జేబుల నుంచి రూపాయి పెట్టలే, ఎందుకంటే ఉద్దెర బిల్లు. నాకు కోపం రావాలె గానీ, నిజం చెప్పాల్నంటే పోరడు నాకంటే లెక్క బాగ చదివిండు అనిపించింది.

సేటు దగ్గర పంచాయితీ. సేటంటడు, "దాటిన సేల్ అంటే దాటిన కాడికే రా, కిందిదానికి పాత రేటే." తమ్మి తగ్గలే. "గృహజ్యోతి 200 యూనిట్లు దాటితే దాటిన కాడికే కట్టమంటుండ్రా సేటూ? మొత్తం బిల్లు కట్టమంటరు కదా." సేటు కాసేపు నోరు మెదపలే. తర్వాత నా దిక్కు చూసిండు, నేను ఇన్‌కమ్ టాక్స్‌ను అడ్డం పెట్టిన, అండ్ల స్లాబ్ దాటితే పై ముక్కకే పై రేటు, కింది ముక్క కింది రేటుల్నే ఉంటది. రెండూ గవర్నమెంట్ లెక్కలే, రెండూ స్లాబులే, నడక మాత్రం వేరే. కొన్ని కంపెనీలు మొత్తం సేల్ మీదనే పై రేటు ఇస్తయి కూడా, అట్ల ఒప్పుకుంటే అది తప్పేం కాదు. మా కాయితంల మాత్రం "దాటిన సేల్" అన్న మాట రెండు దిక్కులా తలకాయ ఊపుతది, సేటు ఒక దిక్కు అనుకొని రాసిండు, నేను ఇంకో దిక్కు చదివిన.

సేటు చెప్పినట్టు మళ్ల కట్టిన. మొదటి లక్షకు 2 శాతం అంటే 2,000. మీది 2 లక్షలకు 3 శాతం, 6,000. ఆ మీది 1,000కి 5 శాతం, 50. తమ్మిది మొత్తం 8,050. ఫార్ములా గిట్ల రాసిన:

```
=B2*2%+MAX(0,B2-100000)*1%+MAX(0,B2-300000)*2%
```

మొత్తానికి 2 శాతం ముందే వేసి, లక్ష దాటిన ముక్కకు పెరిగిన 1 శాతం, 3 లక్షలు దాటిన ముక్కకు ఇంకా పెరిగిన 2 శాతం కలుపుడన్నట్టు. పక్కకు పాత లెక్క పెట్టి తేడా తీస్తే ఇద్దరి నాలుగు నెలలకు మూడే నంబర్లు కనవడ్డయి, సున్నా, 1,000, 7,000. 3 లక్షలు దాటినోడు ఎంత అమ్మనీ, తేడా 7,000కు రూపాయి అటూ ఇటూ కాదు. సేల్ రోజుకొక తీరుండె, తేడా మాత్రం అచ్చు పోసినట్టు ఒక్క తీరే. గది చూసినంకనే సేటు, తప్పు పోరగాళ్లది కాదు, షీట్‌ది అని ఒప్పుకున్నడు. షీట్ ఎవ్వలు చేసిండ్రో ఆయన అడగలే, నేను చెప్పలే.

అసలు కథ ఇక్కడుంది. నకిరేకలన్న న్యాయం అడగనీకె వచ్చిండు కదా, కొత్త లెక్కల ఆయనది కట్టిన. లక్షకు 2,000, మిగిలిన 1,99,000కు 5,970, మొత్తం 7,970. ఆయన చేతిల ఉన్నది 8,970.

"అంటే నాది కూడా 1,000 తగ్గిందా?"

"ఆనిది 7,000 తగ్గిందన్నా."

"ఆనిది నాకెందుకు వయా, నాది చెప్పు!"

ఇచ్చిన పైసలు వాపస్ అడగనని సేటు పెద్ద మనసు చేసుకున్నడు, కొత్త లెక్క వచ్చే నెల నుంచి. కాయితం మారింది, ఈసారి కింద 3,01,000కు ఎంతొస్తదో లెక్క కట్టి మరీ రాపిచ్చుకున్న. నకిరేకలన్న వారం రోజులు నాతోని మాట్లాడలే, చాయ్ పైసలు కూడా ఎవ్వనియి వాడే కట్టుకున్నడు.

మొన్న నెలాఖరు రాత్రి తమ్మి ఫోన్ చేసిండు.

"అన్నా, 2,99,000 కాడ ఉన్న. ఇంకో 2,000 బిల్లు ఏస్తే ఎంతొస్తది?"

"80 రూపాయలు."

ఫోన్ల కాసేపు ఏం వినవడలే.

"మా చిన్నమ్మ పేరు మీద ఆ బిల్లు ఏసినవా అన్నా?"

"ఇంకా ఏయలే."

"ఆపుర్రి. ఆమెకు ఫోన్ చేసి బతిమాలేటందుకే 80 రూపాయలైతయి."