‘అర్థమైందా?’ అంటే ‘అర్థమైంది సార్’

చీపురుపల్లి వైపు పల్లె నుంచి వచ్చిన బీకాం కుర్రాడు విజయనగరంలో మా టాక్స్ ఆఫీసులో చేరాడు. ఏం చెప్పినా “సరే సార్” అనేవాడు. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

20వ తారీఖు సాయంత్రం, 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్న్‌కి ఆఖరి రోజు. మా సీనియర్ ఓ ఐరన్ షాపు ఫైలిచ్చి, “2బీ చూసి 3బీ కొట్టేయ్. అర్థమైందా?” అన్నారు.

“అర్థమైంది సార్.”

సరుకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో పోర్టల్ 14న తయారుచేసే పట్టికే 2బీ. కొన్నప్పుడు కట్టిన పన్నును క్రెడిట్‌గా తీసుకోవాలంటే బిల్లు అందులో కనబడాలి. షాపు పుస్తకాల కంటే 2బీలో పన్ను 32,400 రూపాయలు తక్కువుంది. 1,80,000 రూపాయల ఇనుప చువ్వల బిల్లు ఒకటి రాలేదు. కుర్రాడు ఆ తేడా చూశాడు. బిల్లు కాగితం చేతిలో ఉంది కదా, పోర్టలే తప్పనుకుని పుస్తకాల్లోని అంకె వేసి ఫైల్ చేసేశాడు.

ఫైలైన 3బీని మార్చే వీల్లేదు, వచ్చే నెల రిటర్న్‌లో సర్దాలి. వాడేసిన క్రెడిట్‌కి ఏడాదికి 18 శాతం వడ్డీ, అంటే నెలకి 486 రూపాయలు. పెద్ద మొత్తం కాదు గానీ షాపాయనకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

“అడగొచ్చు కదా!” అని అందరూ అతన్నే అన్నారు. ఏమని అడగాలి? తేడా వస్తే ఏం చెయ్యాలో ఆ అరముక్క ఆర్డర్లో ఎక్కడుంది? పైగా ‘అర్థమైందా?’ అనేది మన బడుల్లో ప్రశ్నే కాదు. క్లాసంతా ఒక్క గొంతుతో “అర్థమైంది సార్” అంటే పాఠం అయిపోయినట్టు. లేదన్నవాడు అందరి ముందూ నిలబడాలి. పదిహేనేళ్లు అలా బదులిచ్చినవాణ్ని ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచి అడగమంటే ఎలా అడుగుతాడు?

సీనియర్ కూడా ఆలోచించినట్టున్నారు. మరుసటి నెల ఫైలిచ్చి, “ముందు ఏ పేజీ తెరుస్తావ్?” అన్నారు. ఆ ప్రశ్నకి “సరే సార్” బదులు కాదు. కుర్రాడు నసిగాడు, తడబడ్డాడు, చివరికి తెలియని చోటు ఏదో చెప్పాడు. మొదట్లో “ఇది రావట్లేదు సార్” అని మాత్రమే అనేవాడు, అది విన్నవాళ్లకి ఏమీ తెలిసేది కాదు. రెండు నెలలకి ఏం చూశాడో, ఎక్కడ ఆగాడో కలిపి అడగడం వచ్చింది.

మొన్న 16న తనే సీనియర్ టేబుల్ దగ్గరికెళ్లాడు. “సార్, ఈ బిల్లు మళ్లీ 2బీలో లేదు. అమ్మినవాళ్లు వాళ్ల గడువు 11 దాటాక, 13న ఫైల్ చేశారంట. వచ్చే నెలలో పడుద్ది. అందాకా షాపాయన్ని టాక్స్ డబ్బులు ఆపి మిగతాదే వాళ్లకి కట్టమందామేటి?”

సీనియర్ కళ్లజోడు తీసి అతని వైపు చూసి, షాపాయనకి ఫోన్ చేశారు.