శంషాబాద్‌లో దిగిన రోజే లెక్క మారుతుంది

శంషాబాద్ విమానాశ్రయం అరైవల్స్ దగ్గర కాసేపు నిలబడితే చాలు, శాశ్వతంగా వచ్చేసినవాళ్లను ఇట్టే గుర్తుపట్టవచ్చు. తాడు చుట్టి, మార్కర్‌తో పేరు రాసిన అట్టపెట్టెలు రెండు ట్రాలీల మీద వస్తాయి, సెలవుకొచ్చినవాడికి ఒక్క ట్రాలీయే ఎక్కువ. ఆ పెట్టెల్లో ఏముందో కస్టమ్స్ వాళ్లు చూస్తారు గానీ విదేశీ సంపాదనతో ఇక్కడి బ్యాంకులో వేసుకున్న ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తుకురాదు. మా దృష్టిలో అసలు తప్పు అక్కడే జరుగుతోంది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ అంటే ఎందుకంత ఇష్టమో తెలిసిందే, వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, ఎప్పుడైనా వెనక్కి తీసుకెళ్లొచ్చు. అయితే ఆ పన్ను మినహాయింపు మనిషి విదేశంలో ఉన్నంతకాలమే, అదీ విదేశీ మారకపు చట్టం ఫెమా లెక్కలో. ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు రోజులు లెక్కపెడతారు. ఫెమా ప్రధానంగా ఉద్దేశం చూస్తుంది, ఉద్యోగం వదిలేసి ఇక ఇక్కడే ఉంటానని వచ్చినవాడు దిగిన రోజు నుంచే రెసిడెంట్. రెండు చట్టాలు, రెండు తేదీలు. ఈ తేడా తెలియక, తిరిగొచ్చినవాళ్లకు కొన్నాళ్లు విదేశీ ఆదాయం మీద పన్ను పడనివ్వని ఆర్‌ఎన్‌ఓఆర్ హోదాను నమ్ముకుని ‘నాకింకా ఆర్‌ఎన్‌ఓఆర్ ఉంది కదా, రెండేళ్లు టెన్షన్ లేదు’ అనుకునేవాళ్లు మన నగరంలో చాలామందే ఉన్నారు.

ఒక లెక్క వేసి చూద్దాం. పన్నెండేళ్లు షార్జాలో పనిచేసి, ఏటా నెలరోజులే సెలవుకు వచ్చిన మనిషి ఒకరు అక్టోబర్ 10న టోలిచౌకిలోని ఇంటికి చేరారనుకోండి, ఆ ఏడాది వేసవి సెలవు కూడా తీసుకోలేదు. మార్చి 31 దాకా ఇక్కడున్నది 173 రోజులు, 182 దాటలేదు కాబట్టి పన్ను లెక్కలో ఆ సంవత్సరానికి ఆయన ఇంకా ఎన్‌ఆర్‌ఐయే. తర్వాతి రెండేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్, ఎందుకంటే అంతకుముందు పదేళ్లలో కనీసం తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నారు. ఈ కాలంలో అక్కడి బ్యాంకులో మిగిలిన డబ్బు మీద వచ్చే వడ్డీకి ఇక్కడ పన్ను పడదు. ఇంతవరకు బాగానే ఉంది.

ఇప్పుడు ఆయన పేరుతో 40 లక్షల ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ, 7 శాతం వడ్డీకి ఉందనుకుందాం. ఏడాదికి 2,80,000. అక్టోబర్ 10 నుంచి ఆ వడ్డీ మామూలు ఆదాయమే. 30 శాతం స్లాబులో పడితే సెస్సుతో కలిపి ఏటా 87,360 రూపాయలు కట్టాలి. తిరిగొచ్చిన సంగతి బ్యాంకుకు చెప్పలేదు కాబట్టి వాళ్లు టీడీఎస్ కోయరు, కోయలేదు కాబట్టి ఈయన రిటర్న్‌లో చూపరు. నోటీసు వచ్చాక అసలుతో పాటు దాని మీద వడ్డీ కూడా కట్టాలి, సీఏ ఫీజు దానికి అదనం.

మరేం చేయాలి? తిరిగొచ్చే ముందు ఏడాదిలోనే కొంత సొమ్మును డాలర్లలో ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్‌గా మార్చుకోవడం మేలని మేమంటాం. దాని గడువు కనీసం ఒక ఏడాది, గరిష్ఠంగా ఐదేళ్లు. మీరు తిరిగొచ్చినా అది గడువు దాకా అదే వడ్డీతో నడుస్తుంది, ఆర్‌ఎన్‌ఓఆర్ ఉన్నంతకాలం ఆ వడ్డీకి పన్ను లేదు. గడువు తీరాక, రెసిడెంట్లు విదేశీ కరెన్సీ ఉంచుకునే ఆర్‌ఎఫ్‌సీ ఖాతాలోకి వేసుకుంటే డాలర్లు డాలర్లుగానే ఉంటాయి. దిర్హామ్ 1997 నుంచీ డాలర్‌కు 3.6725 దగ్గరే కట్టేసి ఉంది కాబట్టి దుబాయ్ జీతగాడికి డాలర్ డిపాజిట్‌లో కొత్త కరెన్సీ రిస్క్ ఏమీ రాదు. నిజమే, వడ్డీ రేటు రూపాయి ఎఫ్‌డీ కంటే సాధారణంగా తక్కువే ఉంటుంది. పిల్లల్ని బయట చదివించే ఆలోచన లేనివాళ్లు, ఇల్లు కట్టేయాలనుకునేవాళ్లు మొత్తం డాలర్లలో పెట్టుకుని కూర్చోవడం అనవసరం.

ఉన్న ఎన్‌ఆర్‌ఈ ఖాతా సంగతి ఇంకా తేలిక. దిగిన వారంలో బ్యాంకుకు వెళ్లి ‘శాశ్వతంగా తిరిగొచ్చాను’ అని రాసిచ్చి, దాన్ని రెసిడెంట్ ఖాతాగా మార్చమనండి, లేదా డబ్బు ఆర్‌ఎఫ్‌సీలోకి పంపమనండి, ఏది కావాలో మీ ఇష్టం. అద్దె డబ్బులు పడే ఎన్‌ఆర్‌ఓ ఖాతానూ అదే రోజు మార్పించుకోవాలి, లేకపోతే వడ్డీ మీద 30 శాతం పైనే టీడీఎస్ పోతూనే ఉంటుంది, రిఫండ్ కోసం ఎదురుచూడాలి.

ఇంకొక్క మాట. రోజుల లెక్క నిరూపించాల్సింది మీరే. ఈ-గేట్లలో వచ్చేవాళ్లకు స్టాంపు పడదు, బోర్డింగ్ పాసులు దాచుకోండి. కొత్త పాస్‌పోర్టు వచ్చిందని పాతది బీరువా సర్దేటప్పుడు చిత్తుకాగితాల్లో వేయకండి, పదేళ్ల రాకపోకలన్నీ దానిలోనే ఉన్నాయి.